ఈఆర్‌పీ పదేపదే ఆగిపోతుంటే వెండర్‌కు మెయిల్ ఎలా రాయాలి: కొనుగోలు విభాగం కోసం సమగ్ర మార్గదర్శి

పొద్దున 7:40కి మా గేటు గుమస్తా ఫోన్ చేశాడు. "సార్, మళ్లీ చక్రం తిరుగుతోందండి. ఎంట్రీ అవ్వట్లేదు." అప్పటికే గేటు బయట గోగునార లారీలు ఐదు నిలబడి ఉన్నాయి. మాది విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు. కొనుగోలు విభాగం నేను చూస్తాను. బెంగాల్ నుంచి వచ్చే జనపనారతో పాటు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పండే గోగునార కూడా కొంటాం. భీమునిపట్నం పేరు మీదే నార వ్యాపారంలో దాన్ని ఇప్పటికీ బిమ్లీ అంటారు. లారీ లోపలికి రావాలంటే ఈఆర్‌పీలో గేట్ ఎంట్రీ పడాలి. తర్వాత వే బ్రిడ్జి మీద తూకం, తర్వాత తేమ, ఆ తర్వాత సరుకు అందినట్టు చూపే జీఆర్‌ఎన్. మొదటిది పడకపోతే మిగతావేవీ కదలవు.

ఆ రోజు సిస్టమ్ 8:55కి దానంతట అదే లేచింది. వెండర్ సపోర్ట్ నుంచి మనిషి మాట్లాడింది మాత్రం 9:36కి. "ఇప్పుడు పనిచేస్తోంది కదండీ, టికెట్ క్లోజ్ చేసేయమంటారా?" అని అడిగాడు.

నవంబర్‌లో అది మూడోసారి. రెండోసారి ఆగినప్పుడే నేను కోపంగా నాలుగు లైన్ల మెయిల్ పంపాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, మా టీమ్ పరిశీలిస్తోంది" అని జవాబు వచ్చింది, అంతే. నాలుగోసారి కూడా ఆగాక రాసిన మెయిల్‌తో పని జరిగింది. ఆ మెయిల్‌కి ముందు ఏం సిద్ధం చేసుకున్నానో, అందులో ఏం రాశానో, తర్వాత బేరం ఎలా నడిచిందో వరసగా చెబుతాను. అంకెలు కొద్దిగా మార్చాను, లెక్క కట్టిన తీరు మాత్రం అదే.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఆగింది వాళ్లదా, మనదా?

మీరు ఎంత బలంగా రాసినా, "ఆ టైంలో మీ ఇంటర్నెట్ లైన్‌లో సమస్య ఉందండి" అని వెండర్ ఒక్క మాట అంటే మెయిల్ అక్కడే పడిపోతుంది. మన జిల్లాల్లో కరెంటు, లైన్లు ఇబ్బంది పెట్టే రోజులు ఉంటాయి కాబట్టి ఆ మాట నమ్మేలానే ఉంటుంది. అందుకే ఆగిన ప్రతిసారీ, టికెట్ పెట్టే ముందే, గేటు కంప్యూటర్లో రెండు కమాండ్లు కొట్టి స్క్రీన్‌షాట్ తీయాలి. పవర్‌షెల్ తెరిచి ఇవి కొట్టాలి. రెండో దాంట్లో మీ ఈఆర్‌పీ చిరునామా పెట్టుకోండి:

```
ping 8.8.8.8
Test-NetConnection erp.example.com -Port 443
```

మొదటి దానికి జవాబులు వస్తుంటే మన ఇంటర్నెట్ బతికే ఉంది. రెండో దాంట్లో `TcpTestSucceeded : True` అని వచ్చి, బ్రౌజర్లో మాత్రం పేజీ తెరుచుకోకపోతే, లేదా `503 Service Unavailable` అని కనిపిస్తే, మన నుంచి వాళ్ల సర్వర్ వరకు దారి బాగానే ఉంది, అవతలి సాఫ్ట్‌వేరే పలకడం లేదు. `False` వస్తే తొందరపడి ఎవరి తప్పూ తేల్చకండి, దారి మధ్యలో కూడా తెగి ఉండొచ్చు. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నించాలి. కొన్ని కంపెనీల్లో ఆఫీసు లైన్ నుంచి తప్ప ఈఆర్‌పీ తెరుచుకోకుండా కట్టడి చేసి ఉంటారు. మీదీ అలాంటిదైతే హాట్‌స్పాట్ పరీక్షకు అర్థం లేదు, మీ ఐటీ వాళ్లను అడిగి తెలుసుకోండి.

స్క్రీన్‌షాట్‌లో కింద మూలన గడియారం కనిపించాలి. మా గుమస్తాకు నేను చెప్పింది ఈ ఒక్క మాటే: టైం కనపడని ఫొటో నాకు పనికిరాదు.

2. ప్రతిసారీ నాలుగు టైములు

గేటు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆగిన టైం, టికెట్ పెట్టిన టైం, వెండర్ వైపు మనిషి మొదటిసారి పలికిన టైం, మళ్లీ పని మొదలైన టైం. ఈ నాలుగే రాయాలి. టికెట్ పెట్టగానే నిమిషంలో వచ్చే "మీ అభ్యర్థన అందింది" అన్న మెయిల్ మూడోదానికి లెక్కకు రాదు, అది యంత్రం పంపేది. ఫోన్లో మాట్లాడిన మనిషి, లేదా మన సమస్య చదివినట్టు తెలిసేలా టికెట్లో రాసిన మనిషి, వాళ్లే లెక్క.

మా నవంబర్ పుస్తకం ఇది. గంటలు 24 గంటల లెక్కలో రాశాం:

| తేదీ | ఆగింది | టికెట్ | మనిషి పలికింది | లేచింది | ఏం ఆగింది |
|---|---|---|---|---|---|
| 4 | 9:10 | 9:18 | 9:52 | 10:00 | మొత్తం |
| 11 | 14:05 | 14:12 | 15:40 | 16:20 | జీఆర్‌ఎన్ స్క్రీన్ మాత్రమే |
| 19 | 7:40 | 7:48 | 9:36 | 8:55 | మొత్తం |
| 27 | 16:30 | 16:36 | 17:20 | 17:45 | మొత్తం |

టికెట్ నుంచి మనిషి పలికేదాకా పట్టింది వరసగా 34, 88, 108, 44 నిమిషాలు. వీటి సగటు తీసి రాయకండి. 68.5 నిమిషాలు అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. సిస్టమ్ లేచిన 41 నిమిషాల తర్వాత ఫోన్ చేశారంటే వెండర్ పై అధికారికి కూడా గుచ్చుకుంటుంది.

నష్టం కూడా రాయాలి గానీ పెంచి రాయొద్దు. 19వ తేదీన మాకు జరిగింది చెబుతాను. గోగునార కట్టలో మీటర్ ముల్లు గుచ్చి తేమ చూస్తాం. ఒప్పుకున్న శాతం కంటే ఎంత ఎక్కువుంటే తూకంలో అంత కోత. పొద్దున మంచులో వచ్చిన లారీలో పై కట్ట 20 చూపించింది. గుమస్తా కాగితం మీద రాసుకున్నాడు. సిస్టమ్ లేచి, ముందున్న లారీలన్నీ అయ్యి, దీని వంతు వచ్చేసరికి ఎండెక్కింది. అదే కట్ట 18 చూపించింది. ఎంట్రీలో టైం పది దాటిందని పడింది కాబట్టి సిస్టమ్‌లో ఉన్నదే లెక్క అంటాడు వ్యాపారి. కాగితం మీద ఉన్నదే లెక్క అంటుంది మా స్టోర్స్. కళాసీలు పని లేక కూర్చున్నారు, లారీ వాళ్లు హాల్టింగ్ అడిగారు. వాళ్ల సర్వర్ 75 నిమిషాలు ఆగితే మా వ్యాపారితో నాలుగు రోజులు తగవు నడిచింది. మెయిల్‌లో ఇది రెండు లైన్లలో రాశాను. నష్టపరిహారంగా మాత్రం అడగలేదు. ఎందుకో కింద చెబుతాను.

3. అగ్రిమెంట్ తీసి చదవడం

చాలామంది ఇది చెయ్యరు. సంతకం పెట్టిన రోజు బీరువాలో పెట్టిన అగ్రిమెంట్ మళ్లీ తీసేది రెన్యువల్ రోజునే. మొత్తం చదవక్కర్లేదు గానీ, సపోర్ట్ ఎంత వేగంగా ఇవ్వాలో చెబుతూ వెనక జతచేసిన ఎస్‌ఎల్‌ఏ పేజీలు రెండుసార్లు చదవాలి.

మొదట సీవియారిటీ నిర్వచనం చూడండి. మాదాంట్లో సీవియారిటీ 1 అంటే "యూజర్లందరికీ సిస్టమ్ మొత్తం అందుబాటులో లేకపోవడం". దానికి స్పందన 30 నిమిషాల్లో. ఏదో ఒక భాగం పనిచేయకపోతే సీవియారిటీ 2, స్పందన 2 గంటల్లో. జీఆర్‌ఎన్ స్క్రీన్ ఒక్కటే ఆగినా మా యార్డు మొత్తం ఆగిపోతుంది. కానీ కాగితం ప్రకారం అది రెండో రకం. కాబట్టి 11వ తేదీన 88 నిమిషాలకు పలికినా వాళ్లు గీత దాటనట్టే.

తర్వాత సపోర్ట్ గంటలు. మాకు 9:30 నుంచి 18:30 వరకు. స్పందన గడియారం ఆ గంటల్లోనే తిరుగుతుంది. 19వ తేదీన 7:48కి పెట్టిన టికెట్‌కి వాళ్ల గడియారం 9:30కి మొదలైంది. 9:36కి పలికారు. వాళ్ల రిపోర్టులో ఆ రోజు స్పందన సమయం 6 నిమిషాలు! ఇది చూసినప్పుడే నాకు విషయం బోధపడింది. మిల్లు పొద్దున ఆరింటికి తెరుచుకుంటుంది, లారీలు రాత్రంతా నడిచి తెల్లారేసరికి వస్తాయి. సంతకం పెట్టిన రోజు మేం ఈ లైన్ చూసుకోలేదు. అది మా పొరపాటే.

మూడోది స్పందన అన్న మాటకు అర్థం. మాదాంట్లో "టికెట్ అందినట్టు తెలియజేయడం" అని ఉంది. అంటే యంత్రం పంపిన మెయిల్ కూడా స్పందనే. ఆ లెక్క పట్టుకుంటే నాలుగు సార్లూ నిమిషంలోనే స్పందించామని కూడా వాళ్లు అనొచ్చు.

ఇవి కాక, నెలలో ఎంత శాతం నడవాలో చెప్పే లైన్, తగ్గితే బిల్లులో ఇచ్చే క్రెడిట్, దాన్ని ఎన్ని రోజుల్లో అడగాలి, నోటీసు ఎలా పంపాలి అన్నవి కూడా గుర్తు పెట్టుకోండి. మాకు క్రెడిట్ అడిగే గడువు నెల ముగిశాక 30 రోజులు. గడువు దాటితే అడిగే హక్కు పోతుంది.

4. శాతం లెక్క

మా అగ్రిమెంట్‌లో నెలకు 99.5 శాతం నడవాలని ఉంది. వినడానికి బాగుంటుంది. నవంబర్‌కు 30 రోజులు, అంటే 43,200 నిమిషాలు. అందులో అర శాతం 216 నిమిషాలు. మూడు గంటల ముప్పై ఆరు నిమిషాల దాకా ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు.

మొత్తం ఆగిన మూడు సార్లు కలిపితే 50, 75, 75, అంటే 200 నిమిషాలు. 99.54 శాతం నడిచినట్టు. ఎస్‌ఎల్‌ఏ లోపలే! జీఆర్‌ఎన్ ఆగిన 135 నిమిషాలు కూడా కలిపితే 335. అప్పుడు 99.22. గీత దాటింది.

అంటే మా గొడవంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: జీఆర్‌ఎన్ స్క్రీన్ ఆగడం సిస్టమ్ ఆగడమేనా కాదా? ఈ లెక్క చెయ్యకుండా "మీరు ఎస్‌ఎల్‌ఏ తప్పారు" అని రాసి ఉంటే, 99.54 అని చూపించి నోరు మూయించేవాళ్లు. మీరు కూడా మెయిల్ మొదలుపెట్టే ముందు రెండు లెక్కలూ వేయండి, వాళ్ల నిర్వచనంతో ఒకటి, మీ పని ఆగిన లెక్కతో ఒకటి. రెండింటి మధ్య తేడా ఎక్కడుందో అక్కడే మీ మెయిల్ ఉంది.

5. ఏం అడగాలి

"సపోర్ట్ మెరుగుపరచండి" అని అడిగితే "తప్పకుండా" అంటారు. వాళ్లు అవును, కాదు అని చెప్పక తప్పనివి అడగాలి, అవి నాలుగు మించకూడదు. నేను అడిగినవి ఇవి. గేట్ ఎంట్రీ, తూకం, జీఆర్‌ఎన్, పీఓ విడుదల, ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి అందరికీ ఆగినా సీవియారిటీ 1గా లెక్కించాలి. సీవియారిటీ 1కి రోజంతా ఎత్తే ఫోన్ నంబర్ ఉండాలి, 15 నిమిషాల్లో ఇంజనీరు మాట్లాడాలి, యంత్రం మెయిల్ లెక్కకు రాదు. గంటలోగా పూర్తి పరిష్కారం కాకపోయినా లారీ కదిలే తాత్కాలిక దారి చూపాలి, అప్పటిదాకా అరగంటకోసారి పరిస్థితి చెప్పాలి. ప్రతిదానికీ 5 పనిదినాల్లో మూలకారణం రాసి ఇవ్వాలి.

ఇందులో పూర్తి పరిష్కారానికి గడువు అడగలేదు, గమనించండి. పెద్ద సాఫ్ట్‌వేర్ లోపం రెండు గంటల్లో సరిచేస్తామని నిజాయితీ గల వెండర్ ఎవరూ రాసివ్వరు. రాసిచ్చినా నిలబడదు. తాత్కాలిక దారికి మాత్రం గడువు పెట్టొచ్చు. సర్వర్ మళ్లీ మొదలుపెట్టడమో, అడ్డుపడిన రిపోర్టును ఆపడమో వాళ్ల చేతిలో ఉన్న పనే.

హాల్టింగ్ డబ్బులు, వ్యాపారితో తగవులో పోయింది కూడా వెండర్ కట్టాలని చాలామంది రాస్తారు. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ అగ్రిమెంట్‌లోనూ పరోక్ష నష్టాలకు బాధ్యత లేదన్న క్లాజు ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కూడా దూరపు, పరోక్ష నష్టాలకు పరిహారం ఇవ్వనక్కర్లేదనే చెబుతుంది. ఆ డిమాండ్ పెడితే మెయిల్ వాళ్ల లీగల్ వాళ్ల దగ్గరికి వెళ్లి, నెల రోజులు అక్కడే ఉంటుంది. మనకు కావాల్సింది ఇంజనీరు ఫోన్ ఎత్తడం. అందుకే నష్టాన్ని తీవ్రత చూపించడానికి మాత్రమే వాడాలి, అడిగేది అగ్రిమెంట్‌లో ఉన్న క్రెడిట్ మాత్రమే.

6. మెయిల్

వెండర్‌తో మా ఉత్తరాలు ఇంగ్లీషులో నడుస్తాయి. నేను మాత్రం ముందు తెలుగులోనే రాసుకుంటాను, అలా రాస్తే చెప్పాలనుకున్నది సూటిగా వస్తుంది. ఆ తెలుగు పాఠమే ఇక్కడ ఇస్తున్నాను.

> విషయం: నవంబర్‌లో ఈఆర్‌పీ నాలుగుసార్లు ఆగింది – సపోర్ట్‌లో నాలుగు మార్పులు కావాలి – డిసెంబర్ 10లోగా జవాబు
>
> అకౌంట్ మేనేజర్ గారికి, సపోర్ట్ హెడ్ గారికి,
>
> నమస్కారం. నవంబర్ 4, 11, 19, 27 తేదీల్లో మా మిల్లులో ఈఆర్‌పీ ఆగిపోయింది. ఒక్కసారి కూడా టికెట్ పెట్టిన అరగంటలో మీ ఇంజనీరు మాతో మాట్లాడలేదు. పట్టిన సమయం వరసగా 34, 88, 108, 44 నిమిషాలు. టికెట్ నంబర్లు, సమయాలు, ఆ సమయంలో మా నెట్‌వర్క్ పనిచేస్తోందని చూపే స్క్రీన్‌షాట్లు జతచేశాను.
>
> 19వ తేదీన 7:48కి టికెట్ పెట్టాం. సిస్టమ్ 8:55కి లేచింది. మీ నుంచి ఫోన్ 9:36కి వచ్చింది. ఆ లోపు గేటు బయట లారీలు నిలిచిపోయాయి. తేమ రీడింగులు కాగితం మీద ఒకటి, సిస్టమ్‌లో ఒకటి పడి, సరఫరాదారుతో వివాదం వచ్చింది.
>
> మీ నిర్వచనం ప్రకారం నవంబర్‌లో సిస్టమ్ 99.54 శాతం నడిచింది. 11వ తేదీన జీఆర్‌ఎన్ ఆగిన 135 నిమిషాలు అందులో లేవు. జీఆర్‌ఎన్ లేకుండా మా యార్డులో ఏ లారీ దిగదు. అది కలిపితే 99.22 శాతం. ఈ తేడా గురించే ఈ మెయిల్.
>
> మాకు కావాల్సినవి:
>
> 1. గేట్ ఎంట్రీ, తూకం, జీఆర్‌ఎన్, పీఓ విడుదల – వీటిలో ఏ ఒక్కటి యూజర్లందరికీ ఆగినా సీవియారిటీ 1.
> 2. సీవియారిటీ 1కి 24 గంటల ఫోన్ నంబర్. 15 నిమిషాల్లో ఇంజనీరు మాట్లాడాలి. ఆటోమేటిక్ మెయిల్‌ను స్పందనగా లెక్కించరాదు.
> 3. 60 నిమిషాల్లో తాత్కాలిక దారి. అప్పటివరకు 30 నిమిషాలకోసారి సమాచారం.
> 4. ప్రతి సీవియారిటీ 1కి 5 పనిదినాల్లో మూలకారణ నివేదిక. నవంబర్ నాలుగింటికీ కూడా.
>
> మా వైపు నుంచి: సీవియారిటీ 1 టికెట్ పెట్టే అధికారం ఇద్దరికే ఇస్తాం. ప్రతి టికెట్‌తో నెట్‌వర్క్ పరీక్ష స్క్రీన్‌షాట్ జతచేస్తాం.
>
> నవంబర్‌కు అగ్రిమెంట్ ప్రకారం రావాల్సిన సర్వీస్ క్రెడిట్‌ను ఈ మెయిల్ ద్వారా కోరుతున్నాం.
>
> ఇంకో రెండు నెలలు మాకు నార రాక ఎక్కువ. డిసెంబర్ 10లోగా పై నాలుగింటికీ ఒక్కోదానికి అవును, కాదు అని రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ తేదీలోగా జవాబు రాకపోతే, అగ్రిమెంట్‌లోని ఎస్కలేషన్ క్లాజు ప్రకారం మీ డైరెక్టర్ స్థాయికి తీసుకెళ్తాం. మార్చిలో ఏఎంసీ రెన్యువల్ నిర్ణయానికి ఈ జవాబే ఆధారం అవుతుంది.
>
> కొనుగోలు విభాగం అధిపతి

మొదటి పేరాలోనే జరిగింది, అంకెలు ఉన్నాయి. వాళ్లకు అనుకూలమైన 99.54 అంకెను నేనే రాశాను. అది దాస్తే వాళ్లు జవాబులో తెస్తారు, అప్పుడు మనం దాచినట్టవుతుంది. "మీ నిర్లక్ష్యం", "ఇది క్షమించరానిది" లాంటి మాటలు మొదటి చిత్తుప్రతిలో ఉన్నాయి, తీసేశాను. 108 నిమిషాలు అన్నాక నిర్లక్ష్యం అని వేరే చెప్పక్కర్లేదు.

బిల్లు ఆపేస్తామని మాత్రం రాయొద్దు, అగ్రిమెంట్‌లో ఆ హక్కు మీకు స్పష్టంగా రాసి ఉంటే తప్ప. చాలా అగ్రిమెంట్లలో బకాయి ఉంటే సర్వీసు నిలిపేసే హక్కు వెండర్‌కే ఉంటుంది. మన పీఓలు, స్టాకు, సరఫరాదారుల బకాయిలు అన్నీ వాళ్ల సర్వర్‌లోనే ఉన్నాయి.

7. ఎవరికి పంపాలి

టు లైన్‌లో అకౌంట్ మేనేజర్, సపోర్ట్ హెడ్, ఇద్దరే. ఒక్క అకౌంట్ మేనేజర్‌కే పంపితే ఆయన దాన్ని లోపలికి ముందుకు తోసి ఊరుకుంటాడు. సీసీలో మా ఐటీ, ఫైనాన్స్. మా ఎండీ గారిని మొదటి మెయిల్‌లో సీసీ పెట్టలేదు. ఆయన పేరు రెండో మెయిల్‌కు దాచుకోవాలి. పంపే ముందు అకౌంట్ మేనేజర్‌కు ఫోన్ చేసి, "ఇవాళ ఒక మెయిల్ పంపుతున్నానండి, మీ పై వాళ్లకు కూడా వెళ్తుంది" అని చెప్పాను. ఆయన వెన్నుపోటు అనుకోకూడదు. లోపల మన తరఫున మాట్లాడాల్సింది ఆయనే.

ఒక జాగ్రత్త. అగ్రిమెంట్ ప్రకారం నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాలని ఉంటే, ఈ మెయిల్ నోటీసు కింద చెల్లకపోవచ్చు. క్రెడిట్ అడుగుతున్న పేరా వరకు లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టు చేశాను. ఖర్చు వంద రూపాయల లోపే.

8. జవాబు వచ్చాక

డిసెంబర్ 8న జవాబు వచ్చింది. మొదటి లైన్ నేను అనుకున్నదే: "మేము ఎస్‌ఎల్‌ఏ పరిధిలోనే ఉన్నాం." ఆ విషయం మా మెయిల్‌లోనే ఉంది కాబట్టి దాని మీద వాదన సాగలేదు. తర్వాత ప్రీమియం సపోర్ట్ ప్యాకేజీ తీసుకోమన్నారు. అది ప్రతి వెండరూ అంటాడు. 24 గంటల ఫోన్‌కు నిజంగానే మనుషులు కావాలి, అదనంగా ఖర్చవుతుంది. అది పూర్తిగా ఉచితంగా రావాలనుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ మనకు కావాల్సింది రోజంతా అన్ని రకాల సపోర్ట్ కాదు, సీవియారిటీ 1 ఒక్కదానికే. అలా విడగొట్టి అడిగాక, నార సీజన్ నాలుగు నెలలకు అదనపు చార్జీ లేకుండా ఒప్పుకున్నారు. మిగతా నెలల సంగతి రెన్యువల్‌లో మాట్లాడదామన్నారు.

అసలు పేచీ 11వ తేదీ మీద వచ్చింది. మా స్టోర్స్‌లో ఒకరు ఏడాది మొత్తానికి స్టాక్ లెడ్జర్ రిపోర్టు నడిపారు. అది నడుస్తున్నంతసేపూ టేబుల్ లాక్ అయ్యి జీఆర్‌ఎన్ సేవ్ కాలేదు. "ఇది కస్టమర్ వల్ల వచ్చిన సమస్య, లెక్కలోకి రాదు" అన్నారు. వాళ్లు చెప్పిన కారణం నిజమే, మా వాళ్లను అడిగి నిర్ధారించుకున్నాను. ఇలాంటప్పుడు కారణాన్ని ఒప్పుకుని, దాన్నుంచి వాళ్లు తీసిన తీర్పును ఒప్పుకోకూడదు. మా యూజర్ సిస్టమ్‌లో ఏమీ మార్చలేదు. మీరు స్క్రీన్ మీద పెట్టిన బటన్ నొక్కాడు. ఒక రిపోర్టు నడిస్తే సరుకు దిగడం ఆగిపోయేలా కట్టింది ఎవరు? ఇదే రాశాను. చివరికి ఆ రిపోర్టును వేరే కాపీ డేటాబేస్ మీద నడిచేలా మారుస్తామన్నారు, అది అయ్యేదాకా పెద్ద రిపోర్టులు సాయంత్రం ఏడు తర్వాతే నడుపుతామని మేం ఒప్పుకున్నాం. క్రెడిట్ మాత్రం ఇవ్వలేదు. పెద్ద మొత్తం కాదు కాబట్టి దాన్ని పట్టుకుని మిగతావి పోగొట్టుకోలేదు. నిర్వచనంలో గేట్ ఎంట్రీ, తూకం, జీఆర్‌ఎన్ చేర్చారు. పీఓ విడుదల ఒప్పుకోలేదు. పీఓ గంట ఆలస్యమైతే లారీ ఆగదు, వాళ్ల మాటలో న్యాయం ఉంది.

ఒప్పుకున్నవి మెయిల్‌లో ఉంటే చాలదు. అగ్రిమెంట్‌కు అనుబంధంగా ఒక పేజీ రాయించి ఇద్దరి సంతకాలూ పెట్టించండి. అకౌంట్ మేనేజర్ మారిన రోజున మెయిల్‌లోని మాట ఎవరికీ గుర్తుండదు.

మూలకారణ నివేదికలు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలతో చదవాలి. ఏది ముందు చెడింది? మేం ఫోన్ చేసేదాకా మీకెందుకు తెలియలేదు? ఏ తేదీకి ఏం మారుస్తారు? 4, 27 తేదీలకు మొదట వచ్చింది ఒకే లైన్: "సర్వర్ రీస్టార్ట్ చేశాం, సమస్య పరిష్కారమైంది." అది చేసిన పని, కారణం కాదు. తిప్పి పంపాక, అప్లికేషన్ సర్వర్‌లో మెమరీ నిండిపోతోందని, హెచ్చరిక పెట్టలేదని రాశారు. 19వ తేదీది రాత్రి బ్యాకప్ ఆలస్యమై పొద్దున షిఫ్టులోకి పాకిందన్నారు. రెండింటికీ తేదీలు అడిగి రాయించుకున్నాం.

జనవరిలో ఒకసారి మళ్లీ ఆగింది. 6:50కి ఆగితే 6:53కి ఆ నంబర్‌కు మా గుమస్తా ఫోన్ చేశాడు, 7:01కి ఇంజనీరు లైన్‌లోకి వచ్చాడు, 7:25కి గేట్ ఎంట్రీ పడింది. ఆ 35 నిమిషాల్లో వచ్చిన రెండు లారీలకు కాగితం స్లిప్పు రాశాం. లారీ నంబరు, తేమ, టైం, పక్కన డ్రైవర్ సంతకం. ఎంట్రీ చేసేటప్పుడు ఆ స్లిప్పులోని రీడింగే వేసి, రిమార్క్స్‌లో స్లిప్పు నంబరు రాశాం. ఈసారి తేమ మీద ఎవరూ తగవుకు రాలేదు.